పేరు కుదిరేదాకా

హిమాయత్‌నగర్‌లో మందుల షాపు మీద ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ ఉంది. అక్కడ నర్మద పని పేర్లు పిలవడం. ఫోన్లెత్తుతుంది, వచ్చినవాళ్ళ వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తుంది, పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళని "వెంట ఎవరొచ్చిండ్రు?" అని తప్పకుండా అడుగుతుంది. మత్తు సూది వేశాక కళ్ళు తిరిగేవాళ్ళుంటారు, తోడు లేకుండా పంపొద్దని డాక్టరు గారి ఆజ్ఞ. ఇన్ని చేసినా జనానికి ఆమె గొంతు గుర్తుండేది పేర్ల దగ్గరే. గద్దింపు లేకుండా, బతిమాలడం లేకుండా, ఇంట్లో మనిషిని అన్నానికి పిలిచినట్టు పిలుస్తుంది. పంటి నొప్పితో మొహం ముడుచుకుని కూర్చున్నవాళ్ళు కూడా ఆ పిలుపుకి కాస్త తేలికపడి లేస్తారు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ పిలిచే ఆ మనిషిని పేరుపెట్టి పిలిచేవాళ్ళు మాత్రం లేరు. డాక్టరు గారికి ఆమె "మేడమ్". వచ్చేవాళ్ళకి "అక్క". చిక్కడపల్లిలో ఆమె అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు కమలవ్వకి "మీది పిల్ల". మేడ మీద వాటాలో ఉంటుంది గనక మీది పిల్ల. ముప్పై దాటినా పిల్లే.

నర్మద అని పిలిచింది ముందు తల్లి. పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడ ఆనకట్ట కడితే అక్కడికి గంపా గమేళా పట్టుకుని వెళ్ళిన రోజుల్లో, నర్మదా నది మీద కడుతున్న డ్యాము దగ్గర రేకుల గుడిసెలో పుట్టింది ఈ పిల్ల. తండ్రి ఆ పని ముగియకముందే ఎటో వెళ్ళిపోయాడు. తల్లి బుగ్గమ్మ బిడ్డని చంకనేసుకుని హైదరాబాదు చేరి, రాంనగర్ బస్తీలో ఉండి, ఇటుకలు మోసి పదో తరగతి దాటించింది, ఇంటర్ దాటించింది. "గంత పెద్ద నది పేరు పెట్టిన, యాడికైనా పోతవ్ బిడ్డా" అనేది. బిడ్డ రాంనగర్ నుంచి చిక్కడపల్లి దాకా పోయింది. అంతలోనే తల్లి కాలం చేసింది.

ఆ తరవాత నర్మద అని పిలిచింది రాఘవేందర్. పన్ను చూపించుకోవడానికి వచ్చి, ఆమె పిలిచిన పిలుపుకి లేచి లోపలికి వెళ్ళి, బయటికి వస్తూ "మీ పేరేందండి?" అని అడిగాడు. అడగడమే పెద్ద సంగతి ఆమెకి, అంతవరకు ఎవరూ అడగలేదు. ఏడాది తిరక్కుండా ఇద్దరూ గుళ్ళో దండలు మార్చుకున్నారు. చిలువేరి వాళ్ళ కోడలయింది. కోడలంటే అత్తామామలున్నారని కాదు, వాళ్ళు ఎప్పుడో పోయారు. గ్రూప్స్ రాద్దామని నల్లగొండ నుంచి వచ్చి, రాసి రాసి ఉద్యోగం రాక, రాసేవాళ్ళకి చోటిచ్చే వ్యాపారంలోకి దిగినవాడు రాఘవేందర్. అశోక్‌నగర్‌లో అతనికొక స్టడీ హాలుంది. చెక్కలు అడ్డం పెట్టిన బల్లలు, తల మీద ఫ్యాను, ఫోను పెట్టుకోవడానికి ప్లగ్గు. వెనకాల ఒక గది.

పెళ్ళయ్యాక నర్మద ఆధార్‌లో తన పుట్టింటి 'బి' తీసేయించి చిలువేరి 'సి' పెట్టించుకుంది. అందరూ చేసే పనే, ఆలోచించాల్సిందేముంది అనుకుంది. రెండేళ్ళు బాగానే ఉన్నారు. బాగానే అంటే, ఆదివారం నారాయణగూడ వెళ్ళి చాయ్ తాగేవారు, రాఘవేందర్ కూర బాగుంటే బాగుందనేవాడు. అంతకంటే బాగుండటం ఎలాగో నర్మదకి తెలియదు, ఆమె అడగనూ లేదు.

పోయినేడు సర్కారు నోటిఫికేషన్లు ఆగిపోయాయి. పరీక్షలు లేకపోతే చదివేవాళ్ళెక్కడ? అశోక్‌నగర్ సందుల్లో పుస్తకాల సంచులు పలచబడ్డాయి. రాఘవేందర్ హాల్లో సగం బల్లలు ఖాళీ. ఆ వీధిలో ప్రతి హాలూ అట్లాగే ఉందన్న సంగతి అతనికి కనపడుతూనే ఉంది, కానీ అందరికీ వచ్చిన కష్టంలో మనిషికి ఊరట ఉండదు. తన కష్టానికి తనదైన కారణం ఒకటి కావాలి. ఎవరో స్నేహితుడు చెప్పాడు, నారాయణగూడలో బుచ్చిబాబు గారని ఒకాయన ఉన్నాడు, అంకెలు చూస్తాడు, ఒకసారి వెళ్ళిరా అని. ఇద్దరూ కలిసి వెళ్ళారు.

బుచ్చిబాబు గారు దొంగ కాడు. ఆ మాట ముందే చెప్పాలి, లేకపోతే కథ అంతా ఆయన మీదికి తోసేసి మనం చేతులు దులుపుకుంటాం. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయిన గోదావరి జిల్లా మనిషి. తెల్ల చొక్కా, మెత్తని మాట, తను చెప్పేదాన్ని నిండుగా నమ్మినవాడు. గోడకి అక్షరాల పట్టిక ఉంది. ఏ, ఐ, జే, క్యూ, వై అక్షరాలకు ఒకటి. బీ, కే, ఆర్‌లకు రెండు. అట్లా ఓ, జెడ్‌లకు ఏడు, ఎఫ్, పీలకు ఎనిమిది దాకా. తొమ్మిది ఏ అక్షరానికీ ఇవ్వరట, అది పవిత్రమైన అంకెట.

"తెలుగులో రాస్తే ఎట్ల సార్?" అని నర్మద అడిగింది.

"తెలుగులో లెక్క లేదమ్మా. కాగితాల మీద మిమ్మల్ని ఈ లోకం చూసేది ఇంగ్లీషులోనే కదా" అన్నాడాయన. తల్లి పెట్టిన పేరుకి లెక్కే లేకుండా పోయిందని ఆమెకి చివుక్కుమంది.

ఆయన తెల్ల కాగితం మీద రాశాడు. ఎన్‌కి అయిదు, ఏకి ఒకటి, ఆర్‌కి రెండు, ఎమ్‌కి నాలుగు, మళ్ళీ ఏకి ఒకటి, డీకి నాలుగు, చివరి ఏకి ఒకటి. కలిపితే పద్దెనిమిది. "పద్దెనిమిది మంచిది కాదమ్మా. ఇంట్లో కలహం తెచ్చే అంకె." దానికి ఇంటిపేరు అక్షరం సీ విలువ మూడు కలిపితే ఇరవై ఒకటి. ఇరవై ఒకటి నిజానికి గొప్ప అంకేనట, కాని రెండూ ఒకటీ మూడు, మూడు గురుడిది. రాఘవేందర్ పుట్టింది ఇరవై నాలుగో తేదీ, అంటే ఆరు, ఆరు శుక్రుడిది. గురుడికీ శుక్రుడికీ పడదు. "మీరు ఆయన గడపలో ఆ పేరుతో అడుగు పెట్టారు. అందుకే ఈ తిప్పలు."

రాఘవేందర్ ఊపిరి వదిలాడు. తన కష్టానికి కారణం దొరికింది. కారణం పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది.

నర్మద పేరు చివర ఇంకో ఏ చేర్చాడు బుచ్చిబాబు గారు. పంతొమ్మిదయింది. సూర్యుడి అంకె, అంతకు మించింది లేదు. ఇరవై ఎనిమిదిన పుట్టిన ఆమెకి అన్నివిధాలా పొసగే అంకె. అయితే దానికి ఉత్త సీ తగిలిస్తే ఇరవై రెండు, అది మోసపోయే అంకె. అందుకని చిలువేరి అని ఇంటిపేరు పూర్తిగా రాయాలి. చిలువేరి ముప్పై రెండు. పంతొమ్మిదికి కలిపితే యాభై ఒకటి. అయిదూ ఒకటీ ఆరు. అది భర్త అంకె. "చూశారా? మీ పేరు మీకు కుదిరింది, పూర్తి పేరు మీ ఆయనకి కుదిరింది" అని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిజంగా సంతోషించాడు పాపం.

తరవాత విధి చెప్పాడు. రోజూ సూర్యోదయం వేళ తూర్పు మొహంగా కూర్చుని, గీతలు లేని తెల్ల కాగితం మీద, కొత్త పేరు నూట ఎనిమిది సార్లు రాయాలి. సంతకం కింది నుంచి పైకి ఎక్కుతున్నట్టుండాలి, కింద గీత కొట్టగూడదు, చుక్క పెట్టగూడదు. కాగితాలన్నిట్లోనూ పేరు మారాలి. అన్నీ మారాక మూడు నెలలకి పేరు ఫలం ఇస్తుంది. అందాకా ఇద్దరూ కలిసి కొత్త పనులేవీ మొదలుపెట్టొద్దు.

ఆయన అన్నది అంతే. రాఘవేందర్ ఇంటికొచ్చి దానికి తన భాష్యం చెప్పాడు. పాత అంకె ఇంట్లో ఉండగా తను కూడా ఉంటే హాలు పూర్తిగా మునుగుతుందేమోనని భయంగా ఉందట. హాలు వెనకాల గది ఉండనే ఉంది. పేరు కుదిరేదాకా అక్కడ పడుకుంటాడట. "ఎంత దూరముందని, అశోక్‌నగరే గదా" అన్నాడు. నిజమే, చిక్కడపల్లి నుంచి నడిస్తే చాయ్ చల్లారేలోపు చేరొచ్చు. నర్మద సరేనంది. పేరు కుదరడం తన చేతిలో పనే గదా, తొందరగా చేసేస్తే తొందరగా వస్తాడు అనుకుంది.

అప్పటికే ఆమెకి కింది దవడలో ఒక పన్ను సలుపుతోంది. డాక్టరు గారు చూసి తీసేయాల్సిందేనన్నాడు. "మా ఆయన వచ్చినంక తీయించుకుంట సార్. తోడుండాలె గదా" అంది.

ఇక పరుగు మొదలైంది. స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించి నోటరీ ముద్ర వేయించింది. పాత పేరూ కొత్త పేరూ ఒకరివేనని ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లీషు పేపర్లో ప్రకటన ఇచ్చింది. గెజిట్ కోసం చంచల్‌గూడ ప్రింటింగ్ ఆఫీసుకి వెళ్ళింది. పదో తరగతి మెమో, పెళ్ళి సర్టిఫికెట్, గెజిటెడ్ ఆఫీసరు సంతకాలు, ఇద్దరు సాక్షులు కావాలన్నారు. పేరు మారడానికి కారణం రాయమన్నారు. న్యూమరాలజీ అని రాసింది. గుమాస్తా తలెత్తనైనా లేదు, అక్కడికొచ్చేవాళ్ళలో చాలామంది రాసేది అదే. సాక్షులుగా రమ్మని పిలవడానికి తనకి ఇద్దరు మనుషులు కూడా లేరని ఆమెకి ఆ క్యూలో నిలబడ్డప్పుడే తెలిసింది. చివరికి కమలవ్వ ఒక సంతకం, మందుల షాపతను ఒక సంతకం చేశారు.

కమలవ్వ సంతకం పెడుతూ అడిగింది. "పేరు మారుస్తున్నవంట గదనే. ఇగ నిన్నేమని పిలవాలె?"

"నర్మదే అవ్వా. పిలుపు మారదు."

"మరేం మారుతది?"

"ఇంగ్లీషుల ఒక అక్షరం ఎక్కువైతది."

ముసలామె బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "అక్షరం కోసం మొగుణ్ణి బయట పండబెట్టుకున్నవా?" అంది. మనసులో ఒకటి పెట్టుకుని పైకొకటి అనే మనిషి కాదు కమలవ్వ. నర్మద నవ్వేసింది. నవ్వితే పన్ను జివ్వుమంది.

గెజిట్ వచ్చాక ఆధార్ కేంద్రానికి వెళ్ళింది. అక్కడి అబ్బాయి తెర వంక చూసి, అక్కా ఆధార్‌లో పేరు మార్చుకోవడం రెండుసార్లే, పెళ్ళప్పుడు ఒకటైంది, ఇది రెండోది, మళ్ళీ మారదు, కావాలంటే పై ఆఫీసుకి అర్జీ పెట్టుకోవాలి, వాళ్ళు ఒప్పుకుంటారో లేదో, బాగా చూసుకుని చెప్పు అన్నాడు. చూసుకోవడానికేముంది, కొట్టమంది. ఆధార్ మారాక పాన్, పాన్ మారాక బ్యాంకు, ఆ తరవాత ఓటరు కార్డు, గ్యాసు. పదో తరగతి మెమో మాత్రం మారదు. అందులో ఆమె ఎప్పటికీ బుగ్గమ్మ కూతురు నర్మదే.

ఇన్ని నెలలూ రోజూ తెల్లారగట్ల లేచి, కిటికీ పక్కన తూర్పుకి తిరిగి పేరు రాసింది. చిక్కడపల్లి గుడి సుప్రభాతం వినిపిస్తుండేది, పాలబండి పోతుండేది. రాస్తున్నంతసేపూ ఆ పేరు ఎవరిదో అనిపించేది. ఎవరో తెలియనావిడ, సూర్యుడంత మంచి అంకె గలావిడ, మొగుడు ఇంట్లో ఉన్నావిడ. ఆవిడ రావాలని నర్మద రోజూ నూట ఎనిమిది సార్లు పిలిచేది.

మొదట్లో రాఘవేందర్ ఆదివారాలు వచ్చేవాడు. కూర తిని, బట్టలు తీసుకుని, "ఎంతదాక వచ్చింది?" అని అడిగేవాడు, ఇల్లు కట్టేవాణ్ణి స్లాబు గురించి అడిగినట్టు. తరవాత ఫోన్లో అడిగాడు. ఆ తరవాత ఆమే చెప్పింది, అతను ఊఁ కొట్టాడు. ఫోన్లో పేరు పెట్టి పిలవడమూ తగ్గింది. పాత అంకె పలకగూడదనుకున్నాడో ఏమో. నోటితో పలికితే పాతదీ కొత్తదీ ఒకటేనని అతనికి చెప్పాలనుకునేది. చెప్పడానికి సిగ్గేసేది.

అన్ని కార్డులూ వచ్చి, బుచ్చిబాబు గారు చెప్పిన మూడు నెలలూ గడిచిన పొద్దున ఆమె క్లినిక్‌కి సెలవు పెట్టింది. నీలం చీర కట్టుకుంది. నారాయణగూడలో లడ్డూలు కొని అశోక్‌నగర్ నడిచింది. కొత్త నోటిఫికేషన్ పడిందని ఊరంతా అనుకుంటున్నారు, సందుల్లో మళ్ళీ పిల్లలు నిండారు. జిరాక్సు షాపుల ముందు, చాయ్ బండ్ల ముందు ఎక్కడ చూసినా సంచులు. ఆమెకి ఎందుకో తన పేరే పని చేసిందనిపించింది. నిన్నటిదాకా నమ్మీ నమ్మనట్టున్న మనిషి ఆ ఒక్క నిమిషం నిండుగా నమ్మింది.

హాలు మీద కొత్త బోర్డుంది. పసుపు మీద ఎర్ర అక్షరాలు. చిలువేరి స్టడీ హాల్ అని ఇంగ్లీషులో. చదివి ముందుకు పోయింది, ఆగింది, వెనక్కొచ్చి మళ్ళీ చదివింది. ఇన్ని నెలలు నూట ఎనిమిదేసి సార్లు రాసిన మాట అది, అందులో ఒక్క అక్షరం ఎక్కువైనా ఆమె చేతికే తెలుస్తుంది. చిలువేరిలో రెండు 'వి'లున్నాయి.

రాఘవేందర్ నవ్వుతూ ఎదురొచ్చాడు. మనిషి కాస్త ఒళ్ళు చేశాడు. లోపల బల్లలన్నీ నిండి ఉన్నాయి. వెనక గదిలో కూర్చోబెట్టాడు. అక్కడ కొత్త మంచం, గోడకి అద్దం, చిన్న కుక్కరు, రెండు ప్లేట్లు. కిటికీకి పరదా కూడా ఉంది. పడుకుని పోయేవాడు పరదాలు కట్టడని ఆమెకి తోచింది.

ఆమె లడ్డూల డబ్బా మంచం మీద పెట్టి, ఆధార్ కార్డు తీసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మెల్లిగా సంగతి చెప్పుకొచ్చాడు. రాఘవేందర్ అంటే ముప్పై తొమ్మిది, చిలువేరి ముప్పై రెండు, కలిపితే డెబ్బై ఒకటి, ఎనిమిది. ఎనిమిది శనిది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె పేరే చూశారు గానీ అతనిది చూడలేదు. మొన్న ఒక్కడే వెళ్ళి చూపించుకున్నాడు. ఇంకో వి పెడితే ఆరు పెరిగి డెబ్బై ఏడు, ఏడూ ఏడూ పద్నాలుగు, అయిదు. బుధుడు. వ్యాపారానికి బుధుణ్ణి మించినవాడు లేడు. అఫిడవిట్ అయింది, గెజిట్‌కి ఇచ్చేశాడు, పద్నాలుగో తేదీన బోర్డు ఎక్కించాడు. ఎక్కించిన వారానికే హాలు నిండింది. నోటిఫికేషన్ ఊసెత్తలేదు.

"నాకు చెప్పలే" అంది నర్మద.

"నీది అయిపోనీ అనుకున్న. రెండూ ఒక్కసారి అయితే పరేషానైతవని."

"అయితే నేను గూడ ఇంకో వి పెట్టుకుంట."

ఆ మాట అంటున్నప్పుడే ఆమెకి ఆధార్ కేంద్రంలో అబ్బాయి గుర్తొచ్చాడు. అయినా అంది. రాఘవేందర్ వేళ్ళు మడిచి లెక్కేశాడు. ఎంత బాగా నేర్చుకున్నాడో లెక్క. "వద్దొద్దు. నీది యాభై ఏడైతది. అయిదూ ఏడూ పన్నెండు, మూడు. మళ్ళ గురుడే. నాకు పడదు."

"మరి ఇంటికెప్పుడొస్తవ్?"

అతను పరదా వంక చూశాడు. "జర ఆగు. పెద్దాయనను ఇంకోసారి అడుగుదాం. ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటున్న" అన్నాడు.

ఇంకోసారి అడగడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఒకే ఇంటిపేరు ఒకే తీరుగా రాసుకుంటే ఇద్దరికీ కుదరదని లెక్కే చెప్పింది. చెప్పింది లెక్క గానీ, దాని చాటున నిలబడి ఉన్నది మనిషి. అతనికి ఈ గది బాగుంది. కూర బాగుందో లేదో చెప్పాల్సిన పని లేదు, కష్టానికి కారణం ఎదురుగా తిరగదు. అది ఆమెకి ఇప్పుడు అద్దంలో మొహంలా కనపడింది. ఏడుపు రాలేదు. ఇన్ని నెలలు తెల్లారగట్ల లేచిన నిద్రంతా ఒక్కసారి మీద పడ్డట్టయింది.

లేచి నిలబడి అంది. "నీ పేరని పెట్టుకున్న రాఘవేందర్. ఆ పేరు నువ్వే ఇడ్సిపెట్టినవ్. ఇగ దేశంల గిట్ల రాసుకునేది నేనొక్కదాన్నే."

అతను లడ్డూల డబ్బా తిరిగి ఇవ్వబోయాడు. పిల్లలకి పంచమని చెప్పి వచ్చేసింది.

తిరిగొస్తూ నారాయణగూడలో బుచ్చిబాబు గారి మెట్లెక్కింది. పోట్లాడదామని కాదు, పోట్లాట ఆమెకి చేతకాదు. ఉన్నదున్నట్టు చెప్పి, ఇప్పుడేం చెయ్యాలని అడిగింది. పాత పేరుకే పోతానంది. ఆయన నొచ్చుకున్నాడు. భార్యాభర్తల పేర్లు పక్కపక్కన పెట్టి చూడాల్సింది, అబ్బాయి ఒక్కడే వస్తే అడిగింది చూసి పంపేశాను, నా పొరపాటే అమ్మా అన్నాడు. కాని పాత పేరుకి మాత్రం వెళ్ళొద్దని చేతులు జోడించినంత పని చేశాడు. కాగితం మీద ఆమె పేరు మళ్ళీ రాసి, కింద పంతొమ్మిది వేసి చూపించాడు.

"మీ పేరులో దోషం లేదమ్మా. సూర్యుడి అంకె. ఎవరి అండా అక్కర్లేని అంకె" అన్నాడు, ఓదారుస్తున్నాననుకుని. "సూర్యుడికి తోడెవరుంటారు చెప్పండి?"

నర్మద నమస్కారం పెట్టి మెట్లు దిగింది. ఆయన మంచివాడు కాకపోయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒకరు దొరికేవారు.

ఇంటికొస్తే కమలవ్వ అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మొహం చూసే కనిపెట్టింది. పక్కన జాగా చూపించింది. ఇద్దరూ కూర్చుని కాయలన్నీ అయ్యేదాకా ఈనెలు తీశారు. "పైన గదికి ఒక్కదానికి కిరాయి ఎక్కువైతదేమో" అంది చివరికి ముసలామె. "కింద చిన్నగది ఖాళీగున్నది. చూసుకో." నర్మద చూసుకుంటానంది. దయగా అన్న మాటే, కాని ఇంకెవరూ రారని బయటి మనిషి నోట వినడం ఆమెకి ఆరోజుకి ఎక్కువైంది.

మర్నాడు తెల్లారగట్ల అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. కిటికీ దగ్గర కూర్చుంది. సుప్రభాతం వచ్చింది, పాలబండి పోయింది. తెల్ల కాగితం ఎదురుగా ఉంది, పెన్ను చేతిలో ఉంది. ఎవరి కోసం రాయాలో తెలియలేదు. పాతదానికి వెనక్కి పోవాలంటే అర్జీ, రాసుకుంటూ ముందుకు పోవాలంటే మనిషి లేడు. ఎండ కాగితం మీదికి పాకేదాకా అలా కూర్చుని, పెన్ను మూత పెట్టి లేచింది. పన్ను రాత్రంతా సలిపింది, చెంప వాచింది.

ఆ రోజు క్లినిక్‌లో జనం పలచన. మధ్యాహ్నానికి హాలు ఖాళీ అయింది. నర్మద డాక్టరు గారి గదిలోకి వెళ్ళి, ఇవాళ పన్ను తీయించుకుంటాను సార్ అంది. ఆయన చెంప చూసి, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు మేడమ్ అని కోప్పడ్డాడు. వివరాలు ఎక్కించి రండి అన్నాడు. తరవాత, రోజూ ఆమె అడిగే ప్రశ్న ఆయనే అడిగాడు. "వెంట ఎవరొచ్చారు?"

"ఎవరూ లేరు సార్. ఒక్కదాన్నే."

ఆయన గ్లోవ్స్ అందుకున్నాడు. పీకాక ఒక గంట ఇక్కడే కూర్చుని వెళ్ళండి అన్నాడు. నర్మద బయటికొచ్చి తన కుర్చీలో కూర్చుని, కంప్యూటర్లో పేరు కొట్టింది. కార్డులో ఉన్నట్టు, పొడుగ్గా, ఒక్క వి తోనే. అది తప్ప వేరే కాగితం లేదు గదా.

లోపల సూది సిద్ధమవుతున్న చప్పుడు. తను లోపలికి వెళ్ళాలి. కాని వెళ్ళాల్సినవాళ్ళని పిలిచే మనిషి తనే. కుర్చీలోంచి లేచి, ఎప్పుడూ జనం కూర్చునే బెంచీ మీద వెళ్ళి కూర్చుంది. ఏళ్ళ తరబడి రోజూ చూస్తున్న హాలు అటువైపు నుంచి వేరేగా ఉంది. బల్ల వెనక ఎవరూ లేరు. కాసేపు చూసింది.

తరవాత, గద్దింపు లేకుండా, బతిమాలడం లేకుండా, ఇంట్లో మనిషిని అన్నానికి పిలిచినట్టు పిలిచింది.

"నర్మదా."

ఖాళీ హాల్లో పిలుపు గోడ దాకా వెళ్ళి వచ్చింది. రాంనగర్ బస్తీలో గుమ్మం ముందు నిలబడి అమ్మ పిలిచినప్పుడు పలికినట్టే, "ఆఁ, వస్తున్న" అని లేచి, చెంప మీద చెయ్యి పెట్టుకుని లోపలికి వెళ్ళింది.